లైఫ్ ట్యాక్స్ ఎవరి లైఫ్‌కి?

లైఫ్ ట్యాక్స్ అన్న మాటలోనే ఒక ధోకా ఉంది. షోరూంలో బండి తాళాలు చేతికి ఇచ్చేటప్పుడు మనం అనుకునేది, పన్ను ఒకేసారి కట్టేశాం, ఇక బండి బతికినంత కాలం రోడ్డు పన్ను ఫికర్ లేదని. సర్కారు లెక్క వేరు. ఈ బండి మా సరిహద్దు లోపల ఉన్నంత కాలమే ఆ 'లైఫ్'. సరిహద్దు దాటి ఇల్లు మార్చావా, అవతలి సర్కారు దృష్టిలో నీ బండి ఇంకా పుట్టనే లేదు. మళ్లీ పుట్టించాలి, మళ్లీ మహసూల్ కట్టాలి.

నా దోస్త్ ఒకడున్నాడు, పేరు వద్దు. బెంగళూరులో ఒక చిన్న మందుల కంపెనీలో పని. అక్కడే కారు కొన్నాడు. నాలుగేళ్ల తర్వాత అబ్బాజాన్‌కి తబియత్ బాగాలేక భార్యాపిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వచ్చేశాడు. సామాను లారీలో వచ్చింది, కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. మెహిదీపట్నం చౌరస్తాలో కర్ణాటక ప్లేటు చూసి ఆపినప్పుడల్లా "మామూ, ఇది దొంగ బండి కాదు, నాదే" అని చెప్పుకోవడం అతనికి రోజువారీ పని అయింది. బండి సంగతి ఏం చెయ్యాలని నన్ను అడిగాడు. జర్నలిస్టుకి అన్నీ తెలుస్తాయని చుట్టుపక్కల వాళ్లకి ఒక గట్టి నమ్మకం. సరే, చట్టం తిరగేశాను. ఈ ముచ్చట ఆ తిరగేయడంలోంచి వచ్చిందే.

ముందు లెక్క చూద్దాం. సులువుగా ఉండడానికి బండి ధర 9 లక్షలు అనుకోండి. కర్ణాటకలో 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కారుకి జీవితకాల పన్ను 14 శాతం. అంటే 1,26,000 రూపాయలు. దాని మీద సెస్ వేరే ఉంటుంది, దాన్ని పక్కన పెడదాం. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ చెల్లేది 15 ఏళ్లు. ఆ 1,26,000ని 15తో భాగిస్తే ఏడాదికి 8,400. నాలుగేళ్లు బెంగళూరు రోడ్ల మీద తిరిగాడు కాబట్టి అక్కడి సర్కారుకి అతను బాకీ పడ్డది 33,600. మిగిలిన 92,400 తను ఇంకా వాడుకోని పదకొండేళ్ల సొమ్ము, ముందుగానే ఖజానాలో జమ అయిపోయింది.

ఇప్పుడు హైదరాబాద్. ఇక్కడ కొత్త బండికి తీసుకున్న శాతమే పాత బండికి తీసుకోరు, అది న్యాయమే. బండి వయసు పెరిగే కొద్దీ శాతం మెట్లు మెట్లుగా దిగుతుంది. కానీ ఆ శాతాన్ని లెక్క కట్టేది బండి ఇవ్వాళ్టి ధర మీద కాదు, కొన్ననాటి ఇన్వాయిస్ ధర మీద. నాలుగేళ్ల బండికి మన లెక్క కోసం 10 శాతం అనుకుంటే 90,000. బజారులో ఆ బండిని అమ్మబోతే ఆరు లక్షలు కూడా పలకకపోవచ్చు, పన్ను మాత్రం తొమ్మిది లక్షల మీదే. మొత్తం కలిపితే ఒకే బండికి, ఒకే పదిహేనేళ్లకి, 2,16,000. మనిషి మారలేదు, బండి మారలేదు, ఇంజను నంబరూ చాసిస్ నంబరూ మారలేదు. మారింది ఇంటి చిరునామా ఒక్కటే.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, పాత రాష్ట్రం రీఫండ్ ఇస్తుంది కదా జనాబ్ అని. ఇస్తుంది. జీవితకాల పన్ను వసూలు చేసే చాలా రాష్ట్రాల చట్టంలో, బండి రాష్ట్రం దాటి వెళ్లిపోతే ఎంత వాపస్ ఇవ్వాలో ఒక పట్టిక ఉంటుంది. కాగితం మీద ఇన్సాఫ్ ఉంది. తకలీఫ్ అంతా వరుసలో ఉంది. కొత్త రాష్ట్రంలో పన్ను కట్టి, కొత్త నంబరు వేయించుకుని, ఆ రసీదూ కొత్త ఆర్‌సీ నకలూ తీసుకుని అప్పుడు పాత రాష్ట్రానికి దరఖాస్తు పెట్టుకోవాలి. అంటే 90,000 ముందు జేబులోంచి పోవాలి, తర్వాత ఎప్పుడో 92,400కి దగ్గరగానో దూరంగానో ఏదో ఒక మొత్తం రావాలి. దూరంగానే అని ఎందుకంటున్నానంటే, రీఫండ్ పట్టికలు నేను పైన వేసినట్టు సాఫీగా 15తో భాగించి తయారు చేసినవి కావు. సర్కారు తనకి అనువైన శాతాలు తను రాసుకుంది. ఇల్లు మారిన సంవత్సరం ఎలాంటిదో మీకు తెలుసు. కొత్త ఇంటి అడ్వాన్స్, పిల్లల బడి ఫీజు, సామాను కిరాయి. సరిగ్గా ఆ సమయంలో దాదాపు లక్ష రూపాయలు ఒక సర్కారుకి కట్టి, ఇంకో సర్కారు దగ్గర్నుంచి రావలసిన దాని కోసం సబర్ చెయ్యమంటే, ఎంతమంది చేస్తారు? చాలామంది పాత ప్లేటుతోనే కాలం గడిపేస్తారు. నా దోస్త్ కూడా మొదటి ఎనిమిది నెలలు అదే చేశాడు.

అతను చేసింది నేరమా? ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా ఉంది, చౌరస్తాలో బండి ఆపేవాళ్లకీ ఆగేవాళ్లకీ ఇద్దరికీ సరిగ్గా తెలియని తేడా. రిజిస్ట్రేషన్ ఒకటి, పన్ను ఇంకొకటి. రిజిస్ట్రేషన్ కేంద్ర చట్టం కిందికి వస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఏ రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ అయినా దేశమంతటా చెల్లుతుంది. 47వ సెక్షన్ ఏమంటుందంటే, ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంచితే కొత్త నంబరు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. పన్నెండు నెలలు! ఎనిమిది నెలల మనిషిని నంబరు ప్లేటు పేరు మీద పట్టుకోవడానికి ఆ సెక్షన్ ఒప్పుకోదు.

పన్ను మాత్రం రాష్ట్రం సొమ్ము. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా 57వ పద్దు రోడ్ల మీద తిరిగే వాహనాల పన్నుని రాష్ట్రాలకి ఇచ్చింది. ఆ హక్కు పట్టుకుని రాష్ట్రాలు, నంబరు సంగతి తర్వాత, మా రోడ్డు వాడుతున్నావు కాబట్టి పన్ను ఇప్పుడే కట్టు అంటాయి. కర్ణాటక ఇంకో అడుగు ముందుకేసి 2014లో తన పన్నుల చట్టాన్ని మార్చుకుంది. ముప్పై రోజులు దాటి ఉంటే బయటి బండి మొత్తం జీవితకాల పన్ను కట్టాలని. ముప్పై రోజులు అంటే చెల్లెలి షాదీకి వచ్చి నాలుగు రోజులు ఎక్కువ ఉన్నవాడు కూడా ఇరుక్కుంటాడు. 2016లో అక్కడి హైకోర్టు ఈ ముప్పై రోజుల షరతుని కొట్టేసింది. కేంద్ర చట్టం పన్నెండు నెలలు అంటుంటే రాష్ట్రం నెల రోజులకే జిందగీ మొత్తం పన్ను అడగడం కుదరదన్నది దాని సారాంశం. ఆ తీర్పు కర్ణాటక చట్టం మీద వచ్చింది, మన దగ్గర దాన్ని చూపించి ఎవరితోనూ బహస్ గెలవలేం. కానీ దాని వెనక ఉన్న ఆలోచన ఎక్కడైనా సబబే.

అయితే పన్నెండు నెలలు నిండలేదని సబూత్ ఎవరు చూపించాలి? కాగితం మీద ఎలా ఉన్నా, రోడ్డు మీద ఆ బరువు బండివాడి మీదే పడుతుంది. ఎప్పుడు వచ్చావు, రుజువేది అంటే ఏం చూపించగలం? ఫాస్టాగ్ చరిత్ర ఉంటుంది, అందులో ఏ టోల్ గేటు ఏ తారీఖున దాటామో నిమిషాలతో సహా నమోదై ఉంటుంది. కిరాయి అగ్రిమెంటు ఉంటుంది, పిల్లల బడి అడ్మిషన్ కాగితం ఉంటుంది. ఇవన్నీ నా దోస్త్ ఒక ఫైలులో పెట్టుకుని కారు డాష్‌బోర్డులో పెట్టుకు తిరిగాడు. బండి కాగితాల కన్నా ఆ ఫైలే లావుగా తయారైంది.

ఇక్కడ సర్కారు పక్షం కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఫిర్యాదు అవుతుంది గానీ అభిప్రాయం అవదు. పన్ను ఎక్కువున్న రాష్ట్రంలో కాపురం ఉండి, పన్ను తక్కువున్న చోట ఎవరిదో చిరునామా చూపించి లక్షల రూపాయలు మిగుల్చుకునే వాళ్లు నిజంగానే ఉన్నారు. కేరళలో ఉంటూ పుదుచ్చేరి నంబరు వేయించుకున్న ఖరీదైన కార్ల గొడవ 2017లో పేపర్ల నిండా నడిచింది. కోటి రూపాయల కారుకి పన్నులో రెండు శాతం తేడా వచ్చినా రెండు లక్షలు. అంత ఆశ ఉన్నచోట చోరీ ఉంటుంది. ఆ చోరుల్ని పట్టుకోవాలి, అందులో షక్ లేదు. మగర్, అమీరు పుదుచ్చేరిలో చిరునామా కొనుక్కున్నాడని, బెంగళూరులో నిజంగా కాపురం ఉండి అక్కడి పన్ను పూర్తిగా కట్టిన నౌకరీవాడిని కూడా అదే జల్లెడలో వేస్తే ఎలా? మొదటివాడు పన్ను ఎగ్గొట్టాడు. రెండోవాడు పదకొండేళ్ల పన్ను ముందే కట్టి కూర్చున్నాడు.

ఇదంతా చదివాక నాకు అర్థమైందేమిటంటే, గొడవకి మూలం రాష్ట్రాల దురాశ మాత్రమే కాదు, పన్నుని ఒకే ముద్దగా వసూలు చేసే పద్ధతి. దీనికి సాక్ష్యం కావాలంటే లారీల వైపు చూడండి. పది టైర్ల లారీకి లైఫ్ ట్యాక్స్ లేదు. మూడు నెలలకోసారి కడతారు, మన దగ్గర క్వార్టర్ ట్యాక్స్ అంటారు. ఆ లారీ యజమాని ఇల్లూ వాకిలీ మార్చుకుని రాయచూరు నుంచి మహబూబ్‌నగర్ వచ్చాడనుకోండి. ఎక్కడి దాకా పన్ను కట్టాడో పాత ఆఫీసు రికార్డులో ఉంటుంది. అక్కడి నుంచి ఇక్కడ కట్టడం మొదలుపెడతాడు. మహా అయితే మూడు నెలల సొమ్ము అటూ ఇటూ అవుతుంది. రీఫండ్ కోసం దరఖాస్తు లేదు, ఇన్వాయిస్ ధర వెతుక్కునే పని లేదు, ఒకే బండికి రెండు జిందగీలూ లేవు. లారీ వాళ్లకి వేరే ముసీబత్‌లు సవాలక్ష ఉన్నాయి, కానీ ఈ ఒక్కటి లేదు. పన్ను చిన్న చిన్న కిస్తీలుగా ఉంటే అది బండితో పాటు నడుస్తుంది. ముద్దగా ఉంటే మొదట పడ్డ చోటే ఉండిపోతుంది.

మరి అందరికీ ఏడాదికోసారి పెట్టేయొచ్చు కదా? ఒకప్పుడు కార్లకీ స్కూటర్లకీ అలాగే ఉండేది. నా చిన్నప్పుడు మా మొహల్లాలో పెద్దవాళ్లు చేతక్ స్కూటర్ పన్ను గడువు దాటిపోతుందని దఫ్తర్‌కి పరిగెత్తడం నాకు గుర్తే. చిన్న మొత్తం, పెద్ద క్యూ, మధ్యలో ఒక దలాల్. కట్టని వాళ్లు కట్టేవాళ్ల కన్నా హాయిగా తిరిగేవాళ్లు. ప్రతి ఏడాదీ ప్రతి ఇంటి స్కూటర్ వెంట పడి వందల రూపాయలు వసూలు చెయ్యడం సర్కారుకి ఖర్చే తప్ప లాభం లేని పని. లైఫ్ ట్యాక్స్ వచ్చాక జనం కూడా ఖుషీ అయ్యారు. షోరూంలోనే అన్నీ అయిపోతాయి, మళ్లీ ఆఫీసు మొహం చూడక్కర్లేదు. ఒకే ఊళ్లో పుట్టి, అక్కడే నౌకరీ చేసి, అక్కడే బండి అమ్ముకునే మనిషికి లైఫ్ ట్యాక్స్ మంచి బేరం. ఈ మాట దాచడం ఎందుకు?

సర్కారుకి అయితే అంతకన్నా మంచి బేరం. పదిహేనేళ్ల సొమ్ము మొదటి రోజే చేతికి వస్తుంది. పైగా ధర మీద శాతం కాబట్టి బండ్ల ధరలు పెరిగినప్పుడల్లా పన్ను దానంతట అదే పెరుగుతుంది. తెలంగాణ 2022 మేలో శాతాలు పెంచినప్పుడు కార్లకి కర్ణాటక లాంటి మెట్లే వచ్చాయి. 5 లక్షల లోపు 13, పది లోపు 14, ఇరవై లోపు 17, ఆపైన 18. ఈ మెట్లలో ఒక తమాషా ఉంది, చెప్పకుండా ఉండలేను. పది లక్షలు దాటితే దాటిన ముక్క మీద కాదు, మొత్తం ధర మీద 17 శాతం. ఆ రేట్ల ప్రకారం 9,99,000 బండికి పన్ను 1,39,860. 10,01,000 బండికి 1,70,170. రెండు వేల తేడాకి ముప్పై వేల పైచిలుకు పన్ను! ఇన్‌కం ట్యాక్స్‌లో ఇలాంటి లెక్క చేస్తే దేశం గోల పెట్టేది. రోడ్డు ట్యాక్స్‌లో ఎవరూ కిమ్మనరు, ఎందుకంటే అది 'ఆన్ రోడ్ ప్రైస్' అనే ఒక్క అంకెలో కలిసిపోయి వస్తుంది, సీటు కవర్లూ మ్యాట్లతో పాటు.

సరే, ఇల్లు మారే వాళ్ల బాధ ఢిల్లీకి తెలియక కాదు. తెలుసు కాబట్టే 2021 సెప్టెంబరులో భారత్ సిరీస్ అని బీహెచ్ నంబర్లు తెచ్చారు. ఏ రాష్ట్రానికి మారినా నంబరు మార్చనక్కర్లేదు. పన్ను రెండేళ్లకోసారి, లేదా రెండేళ్ల లెక్కన నాలుగు, ఆరేళ్లకి కట్టుకోవచ్చు. పద్నాలుగేళ్లు నిండాక ఏడాదికోసారి కట్టాలి. లెక్కకి మూలమైన శాతాలు 10 లక్షల లోపు బండికి 8, ఇరవై లోపు 10, ఆపైన 12. డీజిల్‌కి రెండు ఎక్కువ, కరెంటు బండికి రెండు తక్కువ. చూశారా, కిస్తీల పద్ధతి అసాధ్యం కాదని సర్కారే ఒప్పుకుంది. కంప్యూటర్లు వచ్చాక చేతక్ కాలం నాటి క్యూ ఏం లేదు, ఫోన్‌లో కట్టొచ్చు.

కానీ ఎవరికి? ఫౌజీలకి, కేంద్ర, రాష్ట్ర సర్కారు ఉద్యోగులకి, ప్రభుత్వ సంస్థల వాళ్లకి. ప్రైవేటులో అయితే నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో దఫ్తర్లున్న కంపెనీలో పని చేసేవాళ్లకి మాత్రమే, అదీ ఫారం 60 మీద కంపెనీ సర్టిఫికెట్ రాసిస్తే. నా దోస్త్ కంపెనీకి ఉన్నది రెండే ఆఫీసులు. అతనికి బీహెచ్ లేదు. సూరత్ నుంచి సికింద్రాబాద్ వచ్చి బట్టల దుకాణం పెట్టుకున్నవాడికి లేదు. ఏసీలు బిగించే పని మీద ఊళ్లు తిరిగే కారీగర్‌కి లేదు. విశాఖలో కాలేజీ పూర్తి చేసి ఇక్కడ సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న ఆడ వకీలుకి లేదు. పెద్ద కంపెనీలో పెద్ద జీతం ఉన్నవాడికి, బదిలీ అయితే సామాను ఖర్చు కంపెనీయే పెట్టుకునే వాడికి, కిస్తీల సౌకర్యం ఉంది. సొంత ఖర్చుతో, సొంత ధైర్యంతో ఊరు మారేవాడు మాత్రం మొత్తం ముద్ద రెండుసార్లు మింగాలి. నాకు ఇందులో ఇన్సాఫ్ ఎక్కడా కనిపించడం లేదు. రాష్ట్రాలకి బీహెచ్ అంటే ఇష్టం లేకపోవడానికి కారణం కూడా తెలిసిందే. ఇవాళ లక్ష రావలసిన చోట కొన్ని వేలే వస్తాయి, మిగతాది వాయిదాల్లో.

మన తెలుగువాళ్లకి ఈ సంగతి ఇంకా దగ్గరిది. 2014 జూన్ 2కి ముందు కర్నూలు నుంచి హైదరాబాద్ వస్తే చిరునామా మార్చుకుంటే సరిపోయేది. ఇప్పుడు అది కూడా బెంగళూరు నుంచి వచ్చినట్టే. విజయవాడలో కొడుకు, హైదరాబాద్‌లో తల్లి, మధ్యలో ఒక కారు ఉన్న ఖాందాన్‌లు నాకు ఎన్నో తెలుసు. ఆ కారు ఏ రాష్ట్రంలో 'ఉంచబడింది' అని చెప్పాలి? వారంలో నాలుగు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ. చట్టం రాసినవాళ్లు మనుషులు ఒకచోట ఉంటారనుకున్నారు.

నా రాయ్ ఏమిటంటే, లైఫ్ ట్యాక్స్‌ని తీసేయనక్కర్లేదు. ఒకేసారి కట్టి నిశ్చింతగా ఉంటానన్న వాళ్లని కట్టనివ్వండి. కానీ బండి రాష్ట్రం మారిన రోజున ఆ సొమ్ముని నెలల లెక్కన విడగొట్టాలి. వాడిన నెలలు పాత రాష్ట్రానివి, మిగిలిన నెలలు కొత్త రాష్ట్రానివి. ఆ బదిలీ ఖజానాకీ ఖజానాకీ మధ్య జరగాలి, నా దోస్త్ జేబు మీదుగా కాదు. రెండు రాష్ట్రాల రేటులో తేడా ఉంటే ఆ తేడా మాత్రం అతని దగ్గర తీసుకోండి. ఇదేమీ ఖయాలీ పులావ్ కాదు. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పటి నుంచి ఒక రాష్ట్రంలో అమ్మి ఇంకో రాష్ట్రంలో వాడే సరుకు పన్ను ఇలాగే సర్దుబాటు అవుతోంది. సబ్బు పెట్టెకి చేయగలిగిన హిసాబ్, ఇంజను నంబరుతో సహా రికార్డుల్లో ఉన్న కారుకి చేయలేరా? అధికారం లేదనడానికీ వీల్లేదు. ఉమ్మడి జాబితా 35వ పద్దు మోటారు వాహనాల పన్ను 'ఏ సూత్రాల మీద' వెయ్యాలో చెప్పే అధికారం పార్లమెంటుకి ఇచ్చింది. ఎంత వెయ్యాలో రాష్ట్రాల ఇష్టం, ఏ పద్ధతిలో అన్నది ఢిల్లీ రాయొచ్చు. ఒకే నెలకి రెండు రాష్ట్రాలు పన్ను తీసుకోకూడదు అన్న ఒక్క వాక్యం రాస్తే చాలు. రాష్ట్రాలు నష్టపోతాం అంటాయి. తమది కాని పదకొండేళ్ల సొమ్ము పోవడాన్ని నష్టం అనడం నాకు వింతగా ఉంది.

అది జరిగే దాకా ఇల్లు మారే వాళ్లు పాత పద్ధతిలోనే నడవాలి కాబట్టి, నా దోస్త్ నడిచిన దారి చెబుతాను. ముందు పాత రాష్ట్రంలో చలానాలన్నీ కట్టేశాడు, బకాయి ఉంటే ఎన్‌ఓసీ కదలదు. బండి మీద బ్యాంకు అప్పు ఉండడంతో బ్యాంకు రజామందీ కాగితం తీసుకున్నాడు. ఫారం 28 మీద ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టాడు. ఫారం మీద చాసిస్ నంబరు పెన్సిల్‌తో రుద్ది అచ్చు తియ్యాలి. బండి దొంగతనం కేసుల్లో లేదని పోలీసు రికార్డు చూస్తారు. 48వ సెక్షన్ ప్రకారం ముప్పై రోజుల్లో ఇస్తామనో ఇవ్వమనో చెప్పాలి, ఏదీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. అయితే 'ఇచ్చినట్టే' అన్న మాటని కొత్త ఆఫీసు కౌంటర్లో చూపించలేం కదా, అందుకని కాగితం చేతికొచ్చే దాకా వెంటపడాల్సిందే. ఇక్కడికొచ్చాక ఫారం 27, చిరునామా మార్పుకి ఫారం 33, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఒరిజినల్ ఇన్వాయిస్. బండిని తీసుకెళ్లి చూపించాలి. పన్ను కట్టాక కొత్త నంబరు, కొత్త హై సెక్యూరిటీ ప్లేటు. ఆ తర్వాత ఇన్సూరెన్సులోనూ ఫాస్టాగ్‌లోనూ నంబరు మార్పించాలి. ఇది చాలామంది మర్చిపోతారు. పాలసీ మీద ఒక నంబరు, ప్లేటు మీద ఇంకో నంబరు ఉంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిం చిక్కులో పడుతుంది.

రీఫండ్ దరఖాస్తుకి పెట్టే కాగితాల్లో ముఖ్యమైనవి పాత పన్ను రసీదు, పాత ఆర్‌సీ నకలు, ఎన్‌ఓసీ నకలు, కొత్త ఆర్‌సీ, కొత్త రాష్ట్రంలో పన్ను కట్టిన రసీదు. పాత ఆర్‌సీని, ఎన్‌ఓసీని కొత్త ఆఫీసులో ఇచ్చేసే ముందు రంగుల్లో స్కాన్ తీసి పెట్టుకోండి. తర్వాత అడిగితే ఎవరూ వెతికి ఇవ్వరు. నా దోస్త్ స్కాన్ తీసుకున్నాడు. దరఖాస్తు పెట్టి పదకొండు నెలలైంది. రెండుసార్లు బస్సెక్కి పాత ఊరి దఫ్తర్‌కి వెళ్లొచ్చాడు. ఒకసారి ఫైలు పైకి వెళ్లిందన్నారు, ఇంకోసారి పైనుంచి రాలేదన్నారు.